వెబ్‌సైట్ రంగుల మార్పుకు దుకాణదారు ఆమోదం: ఒక ప్రతిపాదన పంపాలా, మూడు పంపాలా?

ఫ్రీలాన్స్ డెవలపర్ ఒక దుకాణం వెబ్‌సైట్‌కు కొత్త రంగులు సిద్ధం చేసుకున్న తరువాత, యజమాని ఆమోదం కోసం పంపే సందేశాన్ని ప్రధానంగా మూడు పద్ధతుల్లో రాయవచ్చు. మొదటిది, ఒకే ఒక రంగుల కూర్పును చూపించి సరేనా కాదా అని అడగడం. రెండవది, మూడు నాలుగు కూర్పులను పక్కపక్కన పెట్టి మీకు నచ్చినది ఎంచుకోండి అనడం. మూడవది, ఒక కూర్పును కారణంతో సహా సిఫారసు చేసి, దానికి తోడుగా తక్కువ మార్పుతో పని జరిగే మరొక కూర్పును మాత్రమే చూపించడం. ఈ మూడింటిలో దేన్ని ఎంచుకోవాలో తేల్చడానికి ఒక ఉదాహరణను చివరిదాకా తీసుకుని చూద్దాం.

చెప్పులు, బూట్లు అమ్మే ఒక దుకాణం ఉందనుకుందాం. దాని లోగో నారింజ రంగులో ఉంది, వెబ్‌సైట్‌లో ‘కొనండి’ బటన్ కూడా అదే నారింజ, అంటే #FF9800, దానిపై అక్షరాలు తెలుపు. పేజీ వెనుక రంగు తెలుపు, సరుకుల ఫోటోలు కూడా తెల్లని నేపథ్యంలో తీసినవే. ఆరుబయట ఎండలో ఫోన్ చూసేవారికి బటన్ మీది అక్షరాలు కనిపించడం లేదన్నది ఫిర్యాదు. ఈ ఫిర్యాదును కొలవవచ్చు. అక్షరాల రంగుకు, వాటి వెనుక రంగుకు మధ్య వెలుగులో ఉన్న తేడాను కాంట్రాస్ట్ నిష్పత్తి అంటారు. రెండు రంగులూ ఒకటే అయితే అది 1, తెలుపు మీద నలుపు అయితే 21. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం వారి డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ఏఏ స్థాయి ప్రకారం మామూలు పరిమాణపు అక్షరాలకు ఇది కనీసం 4.5 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3 ఉంటే చాలు. నారింజ మీద తెలుపుకు వచ్చేది దాదాపు 2.16. అంటే పెద్ద అక్షరాలకు పెట్టిన కనీసాన్ని కూడా ఈ బటన్ అందుకోవడం లేదు.

దీనిని సరిదిద్దడానికి సహజంగా తోచే దారులు మూడున్నాయి. నారింజను అలాగే ఉంచి అక్షరాలను ముదురు బూడిద రంగుకు, అంటే #1F2937కు మార్చితే నిష్పత్తి 6.8కి పెరుగుతుంది. నారింజనే బాగా ముదురు చేసి #C2410C వాడితే తెల్లని అక్షరాలకు 5.18 వస్తుంది. బటన్లకు ముదురు నెమలికంఠం రంగు, అంటే #0F766E తీసుకుని, నారింజను లోగోకు, తగ్గింపు ధరల చీటీలకు మాత్రమే పరిమితం చేస్తే బటన్ మీది తెల్లని అక్షరాలకు 5.47 వస్తుంది. లెక్క ప్రకారం మూడూ నెగ్గినవే కనుక మూడింటినీ యజమాని ముందు పెడితే న్యాయంగా ఉంటుందని అనిపిస్తుంది. అయితే సమస్య మొదలయ్యేది అక్కడే.

మూడు కూర్పులు చూసిన యజమాని సాధారణంగా ఒకదాన్ని పూర్తిగా ఎంచుకోరు. మొదటి దానిలో పైపట్టీ బాగుంది, మూడవ దానిలో బటన్ బాగుంది, రెండూ కలపండి అంటారు. వారి వైపు నుంచి చూస్తే ఇది సబబైన కోరికే, ఎందుకంటే నచ్చినవి ఏరుకోమని అడిగింది మనమే. కానీ ఒక్కో కూర్పులో అక్షరాల రంగు, దాని వెనుక రంగు కలిసిన ఒక్కో జంటను విడిగా పరీక్షించి ఉంటాము. పైపట్టీకి నెమలికంఠం రంగు వేసి దాని మీద దుకాణం పేరు నారింజ అక్షరాలతో రాయమని యజమాని అడిగారనుకోండి, విడివిడిగా రెండు రంగులూ బాగానే ఉంటాయి, కలిపితే నిష్పత్తి 2.5 దగ్గర ఆగిపోతుంది. మనం ఏ ఇబ్బందిని తొలగించడానికి బయలుదేరామో అదే ఇబ్బంది ఇప్పుడు పైపట్టీలోకి చేరుతుంది. అప్పుడు యజమాని ఎంపికను కాదనవలసి వస్తుంది, ఎంచుకోమని అడిగి ఎంచుకున్నాక కాదనడం కంటే ఇబ్బందికరమైన సంభాషణ ఈ వృత్తిలో అరుదు.

ఒకే ఒక కూర్పును పంపే పద్ధతికి ఉన్న లోపం వేరు. అందులో యజమానికి పోల్చి చూసుకోవడానికి ఏమీ ఉండదు కనుక, ఆయన దానిని తన మనసులోని ఊహతో పోలుస్తారు, ఆ ఊహ ఏమిటో మనకు తెలియదు. ‘ఏదో లోటుగా ఉంది’ అనే జవాబు ఎక్కువగా వచ్చేది ఇటువంటి సందేశాలకే. పాత పేజీ చిత్రాన్ని పక్కన పెట్టి చూపిస్తే ఈ లోపం కొంత తగ్గుతుంది. నాకు తెలిసినంతలో, యజమాని ముందే ‘రంగుల సంగతి మీరే చూసుకోండి’ అని స్పష్టంగా అప్పగించిన పనుల్లోనూ, మార్పు ఒక బటన్‌కో ఒక లింకు రంగుకో పరిమితమైన పనుల్లోనూ ఒకే ప్రతిపాదన పంపడం సరిపోతుంది. మొత్తం సైటు రూపం మారేటప్పుడు సరిపోదు.

అందుకే మూడవ పద్ధతినే ఎంచుకోమంటాను. ఒక సిఫారసు, ఒక తోడు. మన ఉదాహరణలో సిఫారసు నెమలికంఠం రంగు బటన్ల కూర్పు, తోడు పాత నారింజ మీద ముదురు అక్షరాల కూర్పు. ఇక్కడ ఒక నియమం తప్పకుండా పాటించాలి. తోడుగా చూపించేది కూడా యజమాని సరే అంటే మారు మాట లేకుండా అమలు చేయగలిగినదై ఉండాలి. సిఫారసు మెరవాలని పక్కన కావాలనే ఒక నాసిరకం కూర్పును పెట్టే అలవాటు కొందరికి ఉంది, కానీ యజమానులు ఆ నాసిరకాన్నే ఎంచుకున్న సందర్భాలు కావలసినన్ని ఉన్నాయి.

ముదురు నారింజను ఎందుకు వదిలేశామో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ‘రంగు మార్చకుండా కాస్త ముదురు చేస్తే పోదా’ అని యజమాని అడిగే అవకాశం అన్నిటికంటే ఎక్కువ. #C2410C తెర మీద నారింజలా కాక ఇటుక రంగులా కనిపిస్తుంది. దుకాణం సైట్లలో తగ్గించిన ధర, ‘సరుకు లేదు’ అన్న సూచన, చిరునామా తప్పుగా నింపినప్పుడు వచ్చే హెచ్చరిక, ఇవన్నీ సాధారణంగా ఎరుపులోనే ఉంటాయి. బటన్ కూడా ఎరుపుకు దగ్గరైతే డబ్బు చెల్లించే పేజీలో ఏది హెచ్చరికో, ఏది నొక్కవలసిన బటనో ఒక్క చూపులో తేలదు. పైగా తోలు చెప్పుల ఫోటోల్లో గోధుమ, ఇటుక రంగులు ఎలాగూ నిండి ఉంటాయి కనుక బటన్ వాటిలో కలిసిపోతుంది. నెమలికంఠం రంగు ఆ ఫోటోల్లో దాదాపు ఎక్కడా ఉండదు కనుక కంటికి విడిగా ఆనుతుంది. ఈ కారణం రంగుల అభిరుచికి సంబంధించినది కాదు, సరుకుకు సంబంధించినది. యజమానికి తన సరుకు గురించి మనకంటే బాగా తెలుసు కనుక ఈ మాట ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

ఇక కూర్పును ఎలా చూపించాలన్నది రెండవ ఎంపిక. రంగుల గడులు పంపవచ్చు, పేజీ చిత్రాలు పంపవచ్చు, పరీక్షా సైటు లింకు పంపవచ్చు. గడులు పంపడం అన్నిటికంటే సులువు, అన్నిటికంటే పనికిరానిది కూడా, ఎందుకంటే ఒక చిన్న చదరంలో చూసిన రంగు తెర వెడల్పంతా పరుచుకున్నప్పుడు వేరే బరువుతో కనిపిస్తుంది. చదరంలో హాయిగా ఉన్న నారింజ, పైపట్టీ నిండా పరిస్తే కళ్లు చెదిరేలా ఉంటుంది. పేజీ చిత్రాలు పంపడం మేలు, కానీ పాతదీ కొత్తదీ ఒకే పేజీవి, ఒకే సరుకువి, ఒకే ఫోన్ పరిమాణంలోవి అయి ఉండాలి. పాత పేజీలో నల్ల బూటు, కొత్త పేజీలో ఎర్ర చెప్పు ఉంటే యజమాని పోల్చేది బూట్లనే, రంగులను కాదు. సరుకుల జాబితా పేజీ, ఒక సరుకు పేజీ, బుట్ట పేజీ, ఈ మూడింటి చిత్రాలు చాలు. మెసేజింగ్ యాప్‌లో మామూలు ఫోటోగా పంపితే చిత్రం కుదించుకుపోయి సన్నని అక్షరాలు అలుక్కుపోతాయి కనుక ఫైలుగా జతచేయడం మంచిది.

పరీక్షా లింకు నిజానికి అన్నిటికంటే నమ్మదగినది, ఎందుకంటే యజమాని తన ఫోన్‌లో, తన వెలుతురులో, వేలితో నొక్కి చూడగలుగుతారు. కానీ దానితో రెండు చిక్కులున్నాయి. రంగులు మార్చిన తరువాత ఆయన అదే లింకును మళ్లీ తెరిస్తే బ్రౌజర్ దాచుకున్న పాత స్టైల్ ఫైలే రావచ్చు, అప్పుడు ‘ఏమీ మారలేదే’ అన్న జవాబు వస్తుంది. ఫైలు పేరు చివర `style.css?v=2` అన్నట్టు సంఖ్య మార్చితే ఈ చిక్కు తీరుతుంది. రెండవది, రాత్రిపూట కళ్లకు శ్రమ తగ్గించే పసుపు వెలుగు అమరిక ఆన్ చేసి ఉంటే తెలుపు పసుపుగానూ, నెమలికంఠం రంగు బురద పచ్చగానూ కనిపిస్తాయి. కొన్ని బ్రౌజర్లలో డార్క్ మోడ్ పేజీ రంగులను తానే తిరగేస్తుంది. అందువల్ల పగటిపూట, ఆ అమరికలు ఆపి చూడమని సందేశంలోనే ఒక వాక్యం రాయాలి. నేను చిత్రాలు, లింకు రెండూ పంపుతాను. మాట్లాడుకోవడానికి చిత్రాలు, తేల్చుకోవడానికి లింకు.

సందేశంలో రంగుల కోడ్‌లు, నిష్పత్తుల అంకెలు అవసరం లేదు. అవి మన దగ్గర ఉండాలి, యజమాని అడిగితే చెప్పాలి. ఆయనకు కావలసింది ఏమి మారుతుంది, ఎందుకు మారుతుంది, ఏమి మారదు, తాను ఏమని జవాబివ్వాలి అన్నవి మాత్రమే. మన ఉదాహరణకు నేను రాసే సందేశం ఇలా ఉంటుంది.

> నమస్కారమండీ. మన వెబ్‌సైట్ కొత్త రంగులు సిద్ధమయ్యాయి, వాటిని అమలు చేయడానికి మీ అనుమతి కోరుతున్నాను.
>
> ఇప్పుడు ‘కొనండి’ బటన్ నారింజ రంగులో, దానిపై అక్షరాలు తెలుపులో ఉన్నందువల్ల ఎండలో ఫోన్ చూసేవారికి అక్షరాలు సరిగా కనిపించడం లేదు. దీనికి రెండు పరిష్కారాలు జతచేశాను.
>
> 1వ రకం, నేను సూచించేది: బటన్లు ముదురు నెమలికంఠం రంగులోకి మారతాయి, నారింజ రంగు లోగోకు, తగ్గింపు చీటీలకు మాత్రమే ఉంటుంది. మన చెప్పుల ఫోటోల్లో ఈ రంగు లేదు కనుక బటన్ సులభంగా కంటికి కనిపిస్తుంది.
>
> 2వ రకం: నారింజ బటన్లు అలాగే ఉంటాయి, వాటిపై అక్షరాలు మాత్రం తెలుపు నుంచి ముదురు బూడిద రంగుకు మారతాయి. సైటు రూపం దాదాపు ఇప్పటిలాగే ఉంటుంది.
>
> లోగో, ఫోటోలు, పేజీల అమరిక ఏ రకంలోనూ మారవు. ఆర్డరు ఇచ్చినవారికి వెళ్లే ఈమెయిల్, బిల్లు, డబ్బు చెల్లించే పేజీ రంగులు ఈ పనిలో భాగం కావు. అవి కూడా మార్చాలంటే చెప్పండి, విడిగా అంచనా పంపుతాను.
>
> ఈ లింకును పగటిపూట, ఫోన్‌లో డార్క్ మోడ్, రాత్రి వెలుగు అమరిక ఆపి చూడండి. గురువారం లోపు ‘1వ రకం అమలు చేయండి’ అని గానీ, ‘2వ రకం అమలు చేయండి’ అని గానీ జవాబివ్వగలరు. మీ జవాబు వచ్చేవరకు ఇప్పుడున్న రంగులే కొనసాగుతాయి. అమలు చేసిన తరువాత రెండు వారాలలోపు వద్దనుకుంటే అదనపు రుసుము లేకుండా పాత రంగులకు మార్చి ఇస్తాను.

ఇందులో రంగుల పేర్లు యజమాని వాడే మాటలతోనే ఉన్నాయని గమనించవచ్చు. గడువు పెట్టాము, కానీ గడువులోపు జవాబు రాకపోతే ఆమోదించినట్టే భావిస్తామని రాయలేదు. మౌనాన్ని అంగీకారంగా తీసుకునే వాక్యం పనిని ముందుకు నడిపిస్తుందన్నది నిజమే, కొందరు ఒప్పందంలోనే దానిని రాసుకుంటారు. వేరే పనులకు అది చెల్లవచ్చు గానీ, దుకాణం ముఖమే మారే విషయంలో యజమాని ఒక ఉదయం లేచి తన సైటును గుర్తుపట్టలేని స్థితి తేవడం మంచిది కాదు. ఆలస్యమైతే మన గడువు కూడా అంతే జరుగుతుందని ఒక మాట చేర్చితే చాలు.

ఈమెయిల్, బిల్లు, చెల్లింపు పేజీ గురించిన వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. సైటు రంగులను ఒకే చోట వేరియబుల్స్‌గా పెట్టుకుంటే పేజీలన్నీ ఒక్కసారిగా మారతాయి.

```css
:root {
  --button-bg: #0F766E;
  --button-text: #FFFFFF;
  --offer-bg: #FF9800;
  --offer-text: #1F2937;
}
```

కానీ ఈమెయిల్ నమూనాల్లో రంగులు సాధారణంగా ఒక్కో వరుసలో విడిగా రాసి ఉంటాయి, చెల్లింపు పేజీ తరచుగా మరొక సంస్థ సర్వర్ మీద ఉంటుంది. పైన మార్చినంత మాత్రాన అక్కడ ఏమీ మారదు. సైటులో నెమలికంఠం రంగు బటన్ నొక్కిన కొనుగోలుదారుకు తరువాతి పేజీలో పాత నారింజ ఎదురైతే, వేరే చోటికి వచ్చామేమోనని అనుమానం కలిగేది సరిగ్గా డబ్బు కట్టే ఘడియలోనే. ఈ సంగతి యజమానికి ముందే తెలిస్తే దానికి విడిగా పని అప్పగించాలో వద్దో ఆయనే నిర్ణయించుకుంటారు.

జవాబులు మనం కోరిన రూపంలోనే వస్తాయని నమ్మకం లేదు. ‘బాగుంది’ అన్న ఒక్క మాట వస్తే అది ఆమోదం కాదు, రెండు చిత్రాల్లో ఏది బాగుందో తెలియదు కనుక. ‘1వ రకం అమలు చేయమంటారా?’ అని ఒక్క వాక్యంలో తిరిగి అడగడం మర్యాదే, అవసరం కూడా. ‘కొంచెం బ్రైట్‌గా చేయండి’ అన్న జవాబు మరింత తరచుగా వస్తుంది. అప్పుడు రంగును లేతగా చేసి పంపాలన్న తొందర కలుగుతుంది, కానీ నెమలికంఠం రంగును #14B8A6 వరకు వెలిగిస్తే తెల్లని అక్షరాల నిష్పత్తి 2.5 దగ్గరికి పడిపోతుంది, మొదట వచ్చిన ఫిర్యాదే మళ్లీ మొదలవుతుంది. బ్రైట్‌గా అన్న మాట వెనుక సాధారణంగా ఉండేది పేజీ వెలవెలబోతోందన్న భావన. దానికి బటన్‌ను ముట్టుకోకుండా, నారింజ తగ్గింపు చీటీలను కాస్త పెద్దవి చేయవచ్చు, జాబితా పైన ఒక నారింజ పట్టీ చేర్చవచ్చు. ఆ మార్పుతో కొత్త చిత్రం పంపి, అక్షరాలు కనిపించడం కోసం బటన్ రంగును మాత్రం అలాగే ఉంచానని కారణం చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

మరొక సాధారణ కోరిక, వెనుక రంగు తెలుపు బదులు లేత క్రీమ్ చేయమనడం. వినడానికి చిన్న మార్పు, కానీ తెల్లని నేపథ్యంలో తీసిన ఫోటోలన్నీ క్రీమ్ పేజీ మీద తెల్లని డబ్బాల్లా తేలిపోతాయి. ఫోటోకు `mix-blend-mode: multiply` పెడితే ఆ తెలుపు పేజీ రంగులో కలిసిపోతుంది, డబ్బాలు మాయమవుతాయి. అయితే అదే చర్య ఫోటోలోని తెల్ల బూట్లను కూడా క్రీమ్ రంగులోకి మారుస్తుంది. తెల్ల బూట్లు అమ్మే దుకాణంలో ఇది రంగుల సమస్యగా ఆగదు, ఇంటికి వచ్చిన బూటు చిత్రంలోలా లేదన్న తగాదా అవుతుంది. ఇలాంటప్పుడు సందేశంలో వివరించడం కంటే ఒక తెల్ల బూటు పేజీని రెండు విధాలుగా చేసి చిత్రం పంపడం ఉత్తమం. చూసిన వెంటనే యజమానే వద్దంటారు. ఫోటోలన్నీ నేపథ్యం తీసేసి మళ్లీ తయారుచేయించడానికి ఆయన సిద్ధపడితే అది వేరే పని, వేరే అంచనా.

స్పష్టమైన ఆమోదం వచ్చిన తరువాత ఆ జవాబును, దానికి జతచేసిన చిత్రాలను ఒకే చోట భద్రపరచాలి, పాత రంగుల విలువలున్న ఫైలును కూడా తీసేయకుండా ఉంచాలి. రెండు వారాల వాపసు మాట నిలబెట్టుకోవాలంటే అది కావాలి. అమలు చేయడానికి అమ్మకాలు తక్కువగా ఉండే వేళను యజమానినే అడిగి ఎంచుకుని, మార్చిన వెంటనే ఫోన్ నుంచి ఒక సరుకును బుట్టలో వేసి, చిరునామాను కావాలనే తప్పుగా నింపి, ఎర్ర హెచ్చరిక కొత్త బటన్ పక్కన విడిగా కనిపిస్తోందో లేదో చూడాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని వారికి ఆ రెండూ ఒకేలా ఉండవచ్చు కనుక హెచ్చరిక రంగుతో మాత్రమే కాక ఒక గుర్తుతో, మాటలతో కూడా తెలియాలి. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లోని రెండరింగ్ విభాగంలో అటువంటి చూపును అనుకరించి పరీక్షించే సౌకర్యం ఉంది. ఆ పరీక్ష పూర్తయ్యాక, ఏ రకం ఎప్పుడు అమల్లోకి వచ్చిందో చెబుతూ యజమానికి మరొక చిన్న సందేశం పంపాలి, రెండు వారాల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.